ఆక్సిజన్ ఇంటికొచ్చిన రోజే వెంటిలేటర్ మాట కూడా

అరవై దాటిన మనిషి మెట్లెక్కి ఆయాసపడితే వయసు మీద పడిందని సరిపెట్టుకుంటాం. దానికి పొడిదగ్గు తోడైతే ఉబ్బసం మందులు, ఒక్కోసారి టీబీ మందులు కూడా మొదలవుతాయి. నెలలు గడిచినా తగ్గక ఛాతీ డాక్టర్ దగ్గరికి వెళ్తే, వీపు కింది భాగాన స్టెతస్కోపు పెట్టి గట్టిగా గాలి పీల్చమంటారు. చెప్పుల వెల్‌క్రో పట్టీ ఊడదీసినప్పుడు వచ్చే చిటచిటలాంటి చప్పుడు వినిపిస్తుంది. సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తుల అడుగున తేనెపట్టు గళ్లు కనిపిస్తాయి. దీని పేరు ఇడియోపతిక్ పల్మనరీ ఫైబ్రోసిస్, పొట్టిగా ఐపీఎఫ్. ఊపిరితిత్తుల్లో మెత్తగా సాగాల్సిన కణజాలం మచ్చకట్టి గట్టిపడుతుంది. ఎందుకో ఎవరికీ తెలియదు.

ఆ పేరు ఖాయం చేసేముందు డాక్టర్ కీళ్లవాతం ఉందా, ఇంటి బాల్కనీలో పావురాలు చేరతాయా, గుండెకి అమియోడరోన్ వాడుతున్నారా అని అడగాలి. వాటివల్ల వచ్చే మచ్చలకి వైద్యం వేరు. వాటిలో కొన్నింటికి స్టెరాయిడ్లు పనిచేస్తాయి. ఐపీఎఫ్‌లో అవే హాని చేస్తాయి. ప్రెడ్నిసొలోన్ జాతి స్టెరాయిడ్‌ని మరో రెండు మందులతో కలిపి ఇచ్చిన వాళ్లలో మరణాలు పెరిగాయని 2012లోనే తేలింది.

ఒక రిటైర్డ్ మాస్టారిని ఊహించుకుందాం. వయసు 67. గట్టిగా పీల్చి ఊదితే రెండున్నర లీటర్ల గాలి వస్తోంది. మందు లేకపోతే ఇలాంటి రోగులు ఏడాదికి సగటున 200 మిల్లీలీటర్లకి పైగా కోల్పోతారు. నింటెడానిబ్ వాడితే ఆ నష్టం దాదాపు సగానికి తగ్గుతుంది. పిర్‌ఫెనిడోన్ కూడా అదే తరహా. మాస్టారికి ముందే చెప్పాల్సింది ఏమిటంటే, ఏ మందూ పట్టిన మచ్చని తీసేయలేదు, ఆయాసం తగ్గించదు. కొత్త మచ్చ పట్టే వేగాన్ని తగ్గిస్తుంది, అంతే. ఇది తెలియక మూడు నెలలకే "గుణం లేదు" అని మానేసేవాళ్లున్నారు.

మానేయడానికి ఇంకో కారణం దుష్ఫలితాలు. పిర్‌ఫెనిడోన్‌తో వికారం, అన్నం సహించకపోవడం, ఎండ తగిలితే చర్మం మండటం ఉంటాయి. భోజనం మధ్యలో వేసుకుని, రెండు మూడు వారాల్లో మెల్లగా మోతాదు పెంచితే చాలామంది తట్టుకుంటారు. నింటెడానిబ్ 150 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు. దానితో సగానికి పైగా రోగులకి విరేచనాలవుతాయి. లోపెరమైడ్‌తో అదుపుకి రాకపోతే 100కి తగ్గిస్తారు. రెండింటికీ లివర్ పరీక్షలు తప్పవు.

మందు లేని రోజుల లెక్కల్లో, జబ్బు తేలాక సగంమంది మూడు నుంచి ఐదేళ్లలోపే పోయేవారు. మందులతో ఆ గడువు కొంత పెరుగుతోంది. కానీ ఎవరి దారి ఎలా ఉంటుందో ముందే చెప్పలేం. రెండేళ్లు నిలకడగా ఉన్న మనిషికి ఒక్క నెలలోపే ఆయాసం విపరీతంగా ముదిరి, ఊపిరితిత్తులు రెండూ తెల్లబడిపోవచ్చు. ఆ దశలో ఆసుపత్రిలో చేరినవాళ్లలో దాదాపు సగంమంది తిరిగి రారు. వెంటిలేటర్ పెట్టినా దించగలిగే అవకాశం చాలా తక్కువ. ఊపిరితిత్తి మార్పిడి కొందరికి దారి చూపుతుంది, కానీ వయసూ ఇతర జబ్బులూ చాలామందికి అడ్డొస్తాయి.

అందుకే ఉపశమన వైద్యం మాట ఐసీయూ తలుపు ముందు మొదలుకాకూడదు. ఊదే గాలి ఏడాదిలో పదో వంతు తగ్గినప్పుడో, ఆయాసంతో మొదటిసారి ఆసుపత్రిలో చేరినప్పుడో, ఇంటికి ఆక్సిజన్ యంత్రం రాసినప్పుడో ఆ మాట ఎత్తాలి. మందులు ఆపేయడమని దానికి అర్థం కాదు. రెండూ కలిసి నడుస్తాయి.

మాస్టారికి నాలుగడుగులు వేస్తే ఆక్సిజన్ 85కి పడిపోతోంది. యంత్రం రాస్తూ డాక్టర్ అడుగుతారు: "మాస్టారూ, ఉన్నట్టుండి ఆయాసం ముదిరితే వెంటిలేటర్ పెట్టమంటారా?"

కొడుకు అడ్డుపడతాడు: "ఇప్పుడెందుకండీ ఆ మాటలు?"

"ఉండరా," అంటారు మాస్టారు. "పెడితే మళ్లీ ఇంటికొస్తానా డాక్టర్ గారూ?"

"వచ్చే అవకాశం చాలా తక్కువండి."

"అయితే వద్దండి. ఆయాసం తెలియకుండా చూడండి, చాలు."

ఆ చివరి కోరిక తీర్చడానికి మార్గాలున్నాయి. ముఖానికి తగిలేలా చిన్న ఫ్యాను పెట్టినా ఆయాసం కొంత నెమ్మదిస్తుంది. నోటి ద్వారా చిన్న మోతాదు మార్ఫిన్ దగ్గుని తగ్గిస్తుంది, కొందరికి ఆయాసాన్నీ. డాక్టర్ చెప్పిన కొలతలో వాడితే ఊపిరి ఆగిపోతుందన్న భయం అక్కర్లేదు. మలబద్ధకానికి మాత్రం మొదటిరోజు నుంచే మందు ఉండాలి. మార్ఫిన్ అన్ని మెడికల్ షాపుల్లో దొరకదు. గుర్తింపు పొందిన ఆసుపత్రులనుంచి తెచ్చుకోవాలి కాబట్టి, అవసరం పడకముందే ఆ డాక్టర్‌తో పరిచయం ఉండటం మేలు.

మాస్టారి మాటకి చట్టబలం కూడా ఉంది. ముందస్తు వైద్య నిర్దేశాన్ని సుప్రీంకోర్టు 2018లో గుర్తించి, 2023లో పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీతోనో గెజిటెడ్ అధికారితోనో ధ్రువీకరింపజేయాలి. తన తరఫున ఎవరు మాట్లాడాలో అందులో పేరు రాయాలి. రేపు ఐసీయూలో డాక్టర్లు అడిగేది ఆ మనిషినే కనుక, ఈ రోజు గదిలో "ఇప్పుడెందుకు" అన్న కొడుకే ఆ పేరైతే ఆయనా కూర్చుని వినాలి.