బస్సులో పోయిన నోట్సు

తెల్లారితే ఫిజిక్స్ పరీక్ష. ఇంటర్ చదివే అమ్మాయి నోట్సు బస్సులో పోయింది. హాస్టల్‌కొచ్చి ముందు తనకు గుర్తున్నదంతా కాగితం మీద పెట్టింది. తర్వాత ఇద్దరు స్నేహితురాళ్లను విడివిడిగా రాసిమ్మంది.

విడిగా రాయించడమే తెలివైన పని. అందరూ కలిసి కూర్చుంటే ఒకరి మాట ఇంకొకరి జ్ఞాపకాన్ని దారి తప్పిస్తుంది. ఎవరికివారు రాసినవి కలిపితేనే ఎక్కువ విషయాలు దొరుకుతాయని 1990లలోనే ప్రయోగాల్లో తేలింది.

కాగితాలు కలిపితే పేచీ వచ్చింది. లోలకం డోలనకాలానికి ఒకరు T = 2π√(l/g) అని, మరొకరు T = 2π√(g/l) అని రాశారు. ఓట్లేస్తే తేలే సంగతి కాదుగా! ప్రమాణాలు వేసి చూసింది. పొడవును g తో భాగిస్తే సెకన్ల వర్గం మిగులుతుంది, దాని వర్గమూలం సెకన్లు. మొదటిదే సరైనది.

అయితే 2π ఉందో లేదో ప్రమాణాలు చెప్పవు. పెట్టె తాళాన్ని దారానికి కట్టి, మీటరు పొడవున వేలాడదీసి కొద్దిగా ఊపింది. పది డోలనాలకు దాదాపు 20 సెకన్లు పట్టింది. 2π లేకుంటే మూడు సెకన్లకే అయిపోవాలి.

నిర్వచనాలకు ఇలాంటి పరీక్ష కుదరదు. తేడా వచ్చినవాటికి ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకుని, పొద్దున్నే పక్క గదిలోని తెలుగు అకాడమీ పుస్తకంలో సరిచూసుకుంది.