మైకు ముందు ఊపిరి ఎక్కడ తీసుకోవాలి?
(మొదటిసారి మాట్లాడే తమ్ముళ్ల కాగితం మీద మేం పెట్టే గుర్తులు)

ప్రతి ఏటా ఏప్రిల్ 14 దగ్గర పడుతుంటే మన హాస్టల్లో ఒక వెతుకులాట మొదలవుతుంది. జయంతి సభలో విద్యార్థుల తరఫున ఎవరు మాట్లాడాలి? పదో తరగతి వాళ్లు పరీక్షల అలసటలో ఉంటారు, తొమ్మిదో తరగతి వాళ్లు మంచాల కింద దాక్కుంటారు. చివరికి వార్డెన్ గారి వేలు ఎనిమిదో తరగతి తమ్ముడి మీద ఆగుతుంది. వాడు రెండు రోజులు అన్నం సరిగా తినడు. ఆ తరువాత కాగితం పట్టుకుని మా దగ్గరికి వస్తాడు. "అన్నా, ఇది చూడు" అంటాడు.

ఉపన్యాసం ఎలా రాయాలో ఇక్కడ చెప్పబోవడం లేదు. రాసిన కాగితం మీద ఎక్కడ ఆగాలో, ఏ మాట నొక్కి పలకాలో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పెన్సిలుతో ఎలా గుర్తు పెట్టుకోవాలన్నదే మా విషయం. ఆ గుర్తులు లేకపోతే ఏమవుతుందో ఒక ఏడాది మేమే చూశాం. కాగితం చక్కగా రాసుకున్న కుర్రవాడే, వాక్యం మధ్యలో ఊపిరి చాలక "భారత రా..." దగ్గర ఆగిపోయాడు. గట్టిగా గాలి పీల్చుకుని "జ్యాంగం" అన్నాడు. ముందు వరుసలో ఎవరో నవ్వారు. మిగతా రెండు పేజీలు అర నిమిషంలో చదివేసి దిగిపోయాడు. వాడికి భయం ఉందని మాకు ముందే తెలుసు. భయపడ్డవాడికి ఊపిరి సగమే అందుతుందని మాత్రం అప్పటికి తెలియదు.

ఈసారి మా దగ్గరికి వచ్చిన తమ్ముడి కాగితంలో ఒక వాక్యం ఇలా ఉంది:

"1913లో బరోడా మహారాజు ఇచ్చిన విద్యార్థి వేతనంతో కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరి అర్థశాస్త్రం చదివి అక్కడి నుంచి లండన్ వెళ్లి వేతనం గడువు ముగియడంతో 1917లో చదువు మధ్యలో తిరిగి వచ్చి బొంబాయిలో పాఠాలు చెప్పి కొంత డబ్బు కూడబెట్టుకుని 1920లో మళ్లీ లండన్ వెళ్లి చదువు పూర్తి చేసిన మహనీయుడు డాక్టర్ బాబాసాహెబ్ అంబేడ్కర్."

పరీక్ష పేపర్లో రాస్తే మంచి మార్కులు వచ్చే వాక్యమే. సభలో మాత్రం ఎవరి గురించి చెబుతున్నాడో తెలియడానికి జనం చివరిదాకా ఆగాలి. ఇటువంటి వాక్యం మీద ఎన్ని గుర్తులు పెట్టినా లాభం ఉండదు. అందుకని మొదట దాన్ని ముక్కలు చేయించాం. పేరు ముందుకు తెచ్చి, ఒక్కొక్క పనికి ఒక్కొక్క వాక్యం రాయించాం. అంకెలు అక్షరాల్లోకి మార్చాం. తడబాటులో ఉన్నవాడు 1917 అన్న అంకెలు చూసి ఒక్క క్షణం ఆగుతాడు, "పంతొమ్మిది వందల పదిహేడు" అని రాసి ఉంటే ఆగకుండా చదువుతాడు.

తరువాత ఊపిరి సంగతి. మెస్ హాలు మెట్ల మీద తీరిగ్గా కూర్చుని చదివితే మా తమ్ముడు ఒక్క ఊపిరిలో పద్నాలుగు పదిహేను మాటలు చదివేస్తున్నాడు. మేం మొదట చేసిన తప్పు ఏమిటంటే, ఆ లెక్కకే గుర్తులు పెట్టడం. అందరి ముందు ప్రార్థనలో చదివించి చూస్తే ఏడెనిమిది మాటలకే గొంతు సన్నబడిపోయింది. మళ్లీ మొదటికొచ్చాం. ఈసారి వాడిని వాలీబాల్ కోర్టు చుట్టూ రెండుసార్లు పరుగెత్తించి, రొప్పు తగ్గకముందే చదవమన్నాం. గాలి చాలక ఆగిన ప్రతిచోటా పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు పెట్టాం. స్టేజీ మీద వాడికి అందే ఊపిరి దాదాపు అంతే. గుర్తులు ఆ ఊపిరికి సరిపోవాలి.

అయితే ఇంటూ పడిన చోటే ఊపిరి గుర్తు పెట్టకూడదు. అది గాలి అయిపోయిన చోటు. అక్కడి నుంచి వెనక్కి వచ్చి, మాటల మధ్య సహజంగా ఉన్న కీలు ఎక్కడుందో చూసి అక్కడ పెట్టాలి. తెలుగులో ఆ కీలు పట్టుకోవడం కష్టం కాదు. "చేరి", "వెళ్లి", "చెప్పి", "ముగియడంతో" వంటి మాటల తరువాత ఆగవచ్చు, వినేవాడు మిగతా భాగం కోసం ఎదురుచూస్తాడు. "ఇచ్చిన", "చదివిన" వంటి మాటల తరువాత మాత్రం ఆగకూడదు. "మహారాజు ఇచ్చిన" అని ఊపిరి పీల్చి "వేతనం" అంటే ఆ రెండు మాటలూ విడిపోతాయి. అలాగే "గురించి", "కోసం", "వల్ల" అనేవి ముందున్న మాటను వదలవు. "హక్కుల" అని ఆగి "కోసం" అనకూడదు.

ఆగే చోటు మారితే అర్థమే మారే వాక్యాలూ ఉన్నాయి. "పెద్దలు చెప్పినట్టు మనం చదవడం లేదు" అన్నది చూడండి. "చెప్పినట్టు" తరువాత ఆగితే, మనం చదవడం లేదని పెద్దలు అన్న మాట నిజమేనని ఒప్పుకున్నట్టు. "పెద్దలు చెప్పినట్టు మనం" దాకా ఒక్క బిగిన చదివి ఆగితే, చదువుతున్నాం గానీ వాళ్లు చెప్పిన పద్ధతిలో కాదన్నట్టు. కాగితం మీద రెండూ ఒకటే, వినేవాడికి రెండూ వేరు.

మేం వాడే గుర్తులు నాలుగే. ఒక అడ్డగీత (/) అంటే చిన్న ఆగుడు, అక్కడ ఊపిరి తీసుకోనక్కర లేదు. రెండు గీతలు (//) అంటే పూర్తి ఆగుడు. టిక్కు (✓) అంటే ఊపిరి. నొక్కి పలకాల్సిన మాట కింద గీత. ముద్రణలో కింద గీత సరిగా రాదు కనుక ఇక్కడ ఆ మాటను చదరపు బ్రాకెట్లలో పెట్టాం. మా తమ్ముడి వాక్యం చివరికి ఇలా తయారైంది:

✓ బాబాసాహెబ్ అంబేడ్కర్ / పంతొమ్మిది వందల పదమూడులో / కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. // ✓ ఆయనకు ఆధారం / బరోడా మహారాజు ఇచ్చిన [విద్యార్థి వేతనం]. // ✓ అక్కడి నుంచి లండన్ వెళ్లారు. / చదువు పూర్తి కాకముందే / వేతనం గడువు [ముగిసింది]. // ✓ పంతొమ్మిది వందల పదిహేడులో / తిరిగి వచ్చేశారు. // ✓ బొంబాయిలో పాఠాలు చెప్పి / కొంత డబ్బు కూడబెట్టుకుని / ✓ మూడేళ్లకు / [మళ్లీ] వెళ్లారు. // ✓ చదువు [పూర్తి] చేసుకునే వచ్చారు. //

నొక్కి పలకడం మీద మా గదిలో పెద్ద గొడవే జరిగింది. తమ్ముడు మొదట గీతలు పెట్టుకున్న మాటలు "బాబాసాహెబ్", "కొలంబియా", "మహారాజు", "లండన్". పెద్ద పేర్లన్నిటికీ గీతే. అన్నీ నొక్కితే ఏదీ నొక్కినట్టు ఉండదు. "ఈ ముక్కలో నువ్వు అసలు చెప్పదలచుకున్నది ఏమిట్రా?" అని అడిగాం. కాసేపు ఆలోచించి, "డబ్బుల్లేక చదువు ఆగిపోయినా మళ్లీ వెళ్లాడు కదన్నా" అన్నాడు. వాడి అక్క ఇంటర్ మొదటి ఏడాదిలో అలాగే ఆగిపోయిందని ఆ తరువాత చెప్పాడు. అప్పుడు మేం పేర్ల కింది గీతలు చెరిపేశాం. "మళ్లీ" కింద గీత వాడే పెట్టుకున్నాడు. ఒక వాక్యానికి ఒక్క మాట కంటే ఎక్కువ నొక్కకూడదని, అసలు నొక్కాల్సిన మాటే లేని వాక్యాన్ని అలాగే వదిలేయాలని అప్పటి నుంచి పద్ధతి పెట్టుకున్నాం.

నొక్కడమంటే అరవడం అనుకుంటారు చాలామంది. మైకు ముందు అరిస్తే స్పీకర్ బరబరమంటుంది తప్ప మాట పైకి రాదు. మాటకు ముందు రవ్వంత ఆగి, ఆ మాటను కొంచెం నిదానంగా పలికితే చాలు. అందుకే "మూడేళ్లకు" తరువాత అడ్డగీత ఉంది. తెలుగులో బరువు పడే మాట సాధారణంగా క్రియకు ముందు కూర్చుంటుంది, కనుక నొక్కదలచిన మాట దూరంగా ఉంటే దాన్ని క్రియ పక్కకు జరపడం మేలు. "మళ్లీ ఆయన మూడేళ్లకు లండన్ వెళ్లారు" అని ఉన్నదాన్ని మేం అందుకే మార్చాం.

రెండు గీతల దగ్గర ఆగడం వినడానికి తేలికే, చేయడం కష్టం. భయంలో ఒక్క సెకను మౌనం ఒక నిమిషంలా అనిపించి, కుర్రవాడు గీతను మింగేసి ముందుకు పోతాడు. "రెండు అంకెలు లెక్కపెట్టు" అంటే అంకెలు కూడా పరుగెడతాయి. మాకు పనికొచ్చింది ఏమిటంటే, ఆ గుర్తు దగ్గర చేయడానికి ఒక పని ఇవ్వడం. చూపుడు వేలు ఆ గీత మీద ఉంచి, తల ఎత్తి హాలు వెనక గోడ గడియారం వైపు చూసి, మళ్లీ వేలు దగ్గరికి చూపు దించాలి. ఆ పని పూర్తయ్యేసరికి ఆగాల్సినంత సేపు ఆగినట్టే. ఊపిరి కూడా అప్పుడే వస్తుంది. వేలు ఉంది కనుక వరుస తప్పదు.

అన్నిటికంటే ముందు పెట్టాల్సిన గుర్తు కాగితం పైన, "సభకు నమస్కారం" కంటే ముందు. అక్కడ టిక్కు కాకుండా "వదులు" అని రాస్తాం. భయపడినవాడు మైకు దగ్గరికి రాగానే భుజాలు పైకెత్తి గట్టిగా గాలి నింపుకుంటాడు. లోపల పాత గాలి ఉండగానే కొత్తది నింపితే గొంతు బిగుసుకుని మొదటి మాట కీచుమంటుంది. ముందు లోపలున్నది నెమ్మదిగా వదిలేస్తే తరువాతి ఊపిరి దానంతటదే వస్తుంది. మైకుకు జానెడు దూరంలో నిలబడాలని కూడా అక్కడే రాస్తాం, లేకపోతే ఊపిరి చప్పుడు ఊరంతా వినబడుతుంది.

కాగితం గురించి రెండు మాటలు. ఒక ఏడాది ఎర్ర పెన్ను, పచ్చ పెన్ను వాడి ముగ్గు వేసినట్టు గుర్తులు పెట్టాం. ఆ సాయంత్రం స్టేజీ మీద డెకరేషన్ వాళ్లు ఎర్ర లైటు వేశారు. ఎర్ర గీతలన్నీ మాయమయ్యాయి. నల్ల పెన్సిలు మేలు, మార్చుకోవడానికి చెరిపేయవచ్చు కూడా. పలచని కాగితం చేతిలో రెపరెపలాడి వణుకును పదింతలు చేసి చూపిస్తుంది, అందుకని పరీక్ష అట్టకు క్లిప్పు పెట్టి ఇస్తాం. వాక్యం సగం ఒక పేజీలో, సగం మరో పేజీలో ఉండనివ్వం.

ఈ గుర్తులతో కానిది కూడా ఉంది. అర్థం తెలియని వాక్యానికి ఎన్ని గీతలు పెట్టినా అప్పగించినట్టే ఉంటుంది. గుర్తులతో సహా బట్టీ పట్టేస్తే అవే ఒక రాగంగా మారి, ప్రతి వాక్యం చివర "చేరారూ... వెళ్లారూ..." అని సాగుతుంది. అలా వినబడిందంటే కాగితం ఒక రోజు పక్కన పెట్టించి, అదే కథ స్నేహితుడికి మామూలుగా చెప్పమంటాం. ఆ చెప్పడంలో వాడు ఎక్కడ ఆగాడో చూసి గుర్తులు సరిచేస్తాం.

జయంతి రోజున మా తమ్ముడు మొదటి రెండు గీతలను మింగేశాడు. మూడో చోట వేలు ఆగింది, తల లేచింది. "మూడేళ్లకు" అన్నాక ఆగిన ఆ కాస్త సేపు హాల్లో ఫ్యాన్ల చప్పుడు వినబడింది. "మళ్లీ వెళ్లారు" అన్నాడు. వెనక వరుసలో కూర్చున్న మా వంటమనిషి పెద్దమ్మ తల ఊపడం మేం చూశాం.

మరుసటి వారం ఏడో తరగతి పిల్లవాడు ఒకడు ఆ కాగితం అడగడానికి వచ్చాడు, వచ్చే ఏడాదికట. అసలు కాగితం ఇవ్వలేదు. వాడి ఊపిరి వేరు కదా. గుర్తులు లేకుండా తిరగరాసిన ప్రతి ఒకటి, ఒక పెన్సిలు ఇచ్చి వాలీబాల్ కోర్టు వైపు పంపాం.