టీవీ ఎవరిని అడుగుతోంది?

2017 ఫిబ్రవరిలో విజియో అనే అమెరికా టీవీల కంపెనీ 22 లక్షల డాలర్లు కట్టి ఒక కేసు నుంచి బయటపడింది. దాదాపు కోటీ పది లక్షల టీవీల్లో తెరమీద ఏం ఆడుతోందో క్షణక్షణం కనిపెట్టి, ఆ సమాచారాన్ని ఇంటివాళ్ల అనుమతి లేకుండా సేకరించి అమ్ముకుందన్నది ఆరోపణ. ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది. దాని పేరు ఏసీఆర్. తెరమీది బొమ్మనుంచీ, ధ్వనినుంచీ చిన్న గుర్తు తయారుచేసి టీవీ దాన్ని కంపెనీ సర్వర్‌కు పంపుతుంది. సర్వర్ తన దగ్గరున్న గుర్తులతో పోల్చి, ఈ ఇంట్లో ఇప్పుడు ఫలానా మ్యాచ్ చూస్తున్నారని తేలుస్తుంది. 2024లో లండన్, కాలిఫోర్నియా, మాడ్రిడ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఎల్జీ, శామ్‌సంగ్ టీవీల నెట్‌వర్క్ రాకపోకలను పరీక్షించి, హెచ్‌డీఎంఐ తీగతో లాప్‌టాప్ తగిలించి టీవీని ఉత్త తెరగా వాడుకున్నా ఈ గుర్తులు వెళ్తూనే ఉన్నాయని చూపించారు.

బ్రౌజర్లోనైతే ప్రకటనల్ని ఆపే ఎక్స్‌టెన్షన్ పెట్టుకోవచ్చు. టీవీలో అలాంటిది పెట్టే చోటు లేదు. అందుకే ఆపదలచినవాళ్లు టీవీని వదిలి దారిలో కాపు కాస్తారు. కాపు కాయడానికి రెండు చోట్లున్నాయి. టీవీ ముందుగా `eu-acr4.alphonso.tv` లాంటి పేరు పట్టుకుని దాని ఐపీ చిరునామా ఏదని డీఎన్ఎస్ సర్వర్‌ను అడుగుతుంది. ఇది మొదటి చోటు. జవాబుగా వచ్చిన అంకెల చిరునామాకు కనెక్షన్ కలుపుతుంది. ఇది రెండోది. పై-హోల్ మొదటి చోట నిలబడుతుంది, రౌటర్లోని ఫైర్‌వాల్ రెండోచోట.

పై-హోల్ ఉచిత సాఫ్ట్‌వేర్. అరచేతిలో పట్టే రాస్‌బెర్రీ పై కంప్యూటర్ చాలు దానికి. ఇంట్లోని పరికరాలన్నీ పేర్ల గురించి దాన్నే అడిగేలా రౌటర్లో అమర్చుకుంటాం. అడిగిన పేరు నిషేధ జాబితాలో లేకపోతే బయటి డీఎన్ఎస్ సర్వర్‌ను కనుక్కుని నిజమైన చిరునామా ఇస్తుంది. జాబితాలో ఉంటే `0.0.0.0` అని చెబుతుంది. అది ఎక్కడికీ పోని చిరునామా, కాబట్టి కనెక్షన్ మొదలవకుండానే ఆగిపోతుంది. పై-హోల్ చిరునామా 192.168.1.2 అనుకుంటే, పనిచేస్తోందో లేదో కంప్యూటర్లో ఇలా చూడొచ్చు:

```
dig +short ad.doubleclick.net @192.168.1.2
0.0.0.0
```

అదే పని చిరునామాల దగ్గర ఎందుకు చేయకూడదు? ప్రకటనల సర్వర్ల ఐపీలన్నీ రాసుకుని ఫైర్‌వాల్‌లో మూసేస్తే టీవీ ఎవరిని అడిగినా, ఏం విన్నా లెక్కలేదు కదా అనిపిస్తుంది. చిక్కల్లా ఇవాళ్టి ఇంటర్నెట్‌లో ఒక చిరునామా ఒకరిది కాకపోవడమే. క్లౌడ్‌ఫ్లేర్ లాంటి కంపెనీలు ఒకే ఐపీ వెనక వేలాది సైట్లను నడుపుతాయి. ఎవరికోసం వచ్చావన్నది కనెక్షన్ కలిశాక చెప్పే పేరును బట్టి తేలుతుంది. అలాంటి ఐపీని మూయడమంటే ఒక్క ఫ్లాట్‌లో ఉన్నవాడిని ఆపడానికి అపార్ట్‌మెంట్ గేటుకు తాళం వేయడం. 2022 ఆగస్టు చివర ఆస్ట్రియాలో సరిగ్గా ఇదే జరిగింది. కాపీరైట్ కేసులో కోర్టు ఆదేశం మేరకు అక్కడి ఇంటర్నెట్ సంస్థలు క్లౌడ్‌ఫ్లేర్‌కు చెందిన 11 ఐపీ చిరునామాలను మూశాయి. ఆ కేసుతో ఏ సంబంధమూ లేని వేల సైట్లు ఆ దేశంలో తెరుచుకోకుండా పోయాయి.

అద్దె క్లౌడ్‌లో నడిచే సర్వర్లతో మరో ఇబ్బంది. ఇవాళ ట్రాకర్ చేతిలో ఉన్న చిరునామా కొన్నాళ్లకు వేరే ఎవరిదో కావచ్చు, మీ పిల్లల బడి యాప్‌దే కావచ్చు. అప్పుడు ఆ యాప్ ఎందుకు పనిచేయడం లేదో కనుక్కోవడం మహాకష్టం, ఎందుకంటే ఫైర్‌వాల్ లాగ్‌లో కనబడేవి ఉత్త అంకెలు. పై-హోల్ క్వెరీ లాగ్‌లోనైతే ఏ పరికరం, ఏ పేరు, ఎప్పుడు అడిగిందో వరసగా ఉంటుంది. ఆగిపోయిన పేరు కనబడగానే దాన్ని అనుమతించొచ్చు. నా దృష్టిలో ఇంటి వాడకానికి పేరు దగ్గర ఆపడంలో ఉన్న అసలు సుఖం ఈ స్పష్టతే.

మళ్లీ ఎల్జీ టీవీ దగ్గరికి వద్దాం. ఆ పరిశోధనలో ఏసీఆర్ సమాచారం ఆల్ఫోన్సో పేరుమీది సర్వర్లకు వెళ్లింది. ఎల్జీ మెజారిటీ వాటా కొన్న కంపెనీ అది. పేరులో `acr` తర్వాతి అంకె మాత్రం మారుతూ ఉంటుంది. మామూలు నిషేధ జాబితాలో పేర్లు ఉన్నవి ఉన్నట్టుగా ఉంటాయి. `eu-acr4` రాసి ఉండి టీవీ `eu-acr7` అడిగితే జాబితా పట్టదు. అందుకని పై-హోల్ డొమైన్స్ పేజీలో విడి పేరు కాకుండా ఈ వరసను రీజెక్స్‌గా చేర్చాలి:

```
(\.|^)alphonso\.tv$
```

అంటే ఆ పేరుతో ముగిసే ఏ సర్వర్ గురించి అడిగినా జవాబు సున్నాలే. అంకెలు మారినా, చిరునామాలు మారినా ఒక్క వరస సరిపోతుంది. ఐపీ జాబితాతో ఈ పని చేయాలంటే రోజూ వెంటాడాలి. ఇదంతా చేసేముందు టీవీ సెట్టింగుల్లోకి వెళ్లి చూసినదాన్ని గుర్తించే అనుమతిని తీసేయండి. అలా తీసేశాక ఏసీఆర్ రాకపోకలు ఆగాయని ఆ పరిశోధకులే చెప్పారు.

పై-హోల్ పెట్టాక డ్యాష్‌బోర్డ్‌లో ఇంత శాతం ఆపామని పెద్ద అంకె కనబడుతుంది. దాన్ని చూసి మురిసిపోవద్దు. జవాబు దొరకని టీవీ ఊరుకోకుండా అదే పేరును పదేపదే అడుగుతుంది. ఒక్క మొండి పరికరం చాలు ఆ శాతాన్ని పైకి లేపడానికి. చూడాల్సింది క్వెరీ లాగ్‌లో టీవీ వరస. టీవీలో సినిమా ఆడుతోంది, లాగ్‌లో మాత్రం టీవీ పేరు మీద ఒక్క ప్రశ్నా లేదంటే, అది ఇంకెవరినో అడుగుతోందన్నమాట.

ఇలా తప్పించుకోవడానికి మూడు దారులు మామూలుగా కనబడతాయి. మొదటిది మనం తెరిచిపెట్టేదే. పై-హోల్ ఆగిపోతే ఇంట్లో నెట్ ఆగుతుందన్న భయంతో రౌటర్లో రెండో డీఎన్ఎస్‌గా `8.8.8.8` రాస్తారు. పరికరాలు దాన్ని ఆపద్ధర్మంగా పక్కన పెట్టుకోవు, వాటికి తోచినప్పుడల్లా అటు కూడా అడుగుతాయి. కొన్ని ప్రకటనలు ఆగి కొన్ని వస్తున్నాయంటే ముందు చూడాల్సింది ఇదే. రెండోది ఐపీవీ6. మన దగ్గర ఇంటి ఫైబర్ కనెక్షన్లలో ఇది ఇప్పుడు మామూలు. పై-హోల్ చిరునామాను పాత పద్ధతిలో ఇచ్చి ఊరుకుంటే, రౌటర్ ఐపీవీ6 దారిలో తన సొంత డీఎన్ఎస్‌ను కూడా చాటుతూ ఉంటుంది. కంపెనీ ఇచ్చిన రౌటర్ దాన్ని మార్చనివ్వకపోతే, చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ పనిని రౌటర్లో ఆపి పై-హోల్‌కే అప్పగించాలి, రౌటర్ చేసే ఐపీవీ6 చాటింపునూ ఆపాలి.

మూడోది, టీవీయో యాపో `8.8.8.8`ను లోపలే రాసుకుని మనం చెప్పినదాన్ని పట్టించుకోకపోవడం. ఇక్కడికి వచ్చేసరికి పై-హోల్ నిస్సహాయురాలు. తనను అడగని ప్రశ్నకు అది జవాబివ్వలేదు. చిరునామా, పోర్టు చూసి ఆపే ఫైర్‌వాల్ అసలు విలువ ఇక్కడే తెలుస్తుంది. డీఎన్ఎస్ ప్రశ్నలు మామూలుగా 53వ పోర్టుకు వెళ్తాయి. ఆ పోర్టుకు యూడీపీలో బయలుదేరే ప్రతి ప్రశ్ననూ, ఎవరికి రాసినదైనా సరే, పై-హోల్‌కు మళ్లించమని రౌటర్‌కు చెప్పొచ్చు. ఐపీటేబుల్స్ ఉన్న రౌటర్లో ఇలా ఉంటుంది:

```
iptables -t nat -A PREROUTING -i br0 ! -s 192.168.1.2 \
  -p udp --dport 53 -j DNAT --to-destination 192.168.1.2
iptables -t nat -A POSTROUTING -o br0 -d 192.168.1.2 \
  -p udp --dport 53 -j MASQUERADE
```

రెండో ఆదేశాన్ని చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే జవాబు 192.168.1.2 నుంచి నేరుగా టీవీకి చేరుతుంది. తాను అడిగింది 8.8.8.8ను కదా అని టీవీ దాన్ని పారేస్తుంది. రెండోది ఉంటే జవాబు రౌటర్ మీదుగా వెనక్కి వెళ్లి, 8.8.8.8 ఇచ్చినట్టే కనబడుతుంది. ఇందుకు చెల్లించే మూల్యం ఒకటుంది. అలా మళ్లిన ప్రశ్నలన్నీ లాగ్‌లో టీవీ పేరుతో కాక రౌటర్ పేరుతో పడతాయి.

ప్రశ్ననే గుప్తలిపిలో పంపే పరికరాల సంగతి వేరు. ఒక పద్ధతికి 853 అని విడి పోర్టు ఉంది, దాన్ని మూస్తే సరి. డీఓహెచ్ అనే రెండో పద్ధతి మాత్రం మామూలు వెబ్ పేజీలు వచ్చే 443లోనే కలిసిపోతుంది. ఆ పోర్టును మూస్తే ఇంట్లో ఇంటర్నెట్ లేనట్టే. ఫైర్‌ఫాక్స్ అయితే ముందు `use-application-dns.net` అనే పేరును అడిగి చూస్తుంది. పై-హోల్ లేదని జవాబిస్తే, వాడేవాళ్లు తామే ఎంచుకోనంతవరకు, డీఓహెచ్‌ను తనంతట తాను మొదలుపెట్టదు. అంత మర్యాద అన్ని పరికరాలకూ ఉండదు. వాటికి ఐపీ జాబితాయే మందు. 8.8.8.8, 8.8.4.4, 1.1.1.1, 1.0.0.1, 9.9.9.9 లాంటివి ఏళ్లతరబడి మారని, అందరికీ తెలిసిన చిరునామాలు. వాటి 443వ పోర్టును మూసినా మామూలు సైట్లకు దాదాపు నష్టం లేదు. ప్రకటనల సర్వర్ల విషయంలో ఐపీ నిషేధానికి అడ్డొచ్చిన రెండు చిక్కులూ, పంచుకోవడమూ మారిపోవడమూ, ఇక్కడ లేవు. టీవీ కంపెనీ తన సొంత క్లౌడ్‌లోనే డీఓహెచ్ సర్వర్ పెట్టుకుంటే మాత్రం ఈ జాబితా కూడా పట్టదు.

ట్రాకర్లలోనూ ఐపీ మెరుగ్గా పట్టే రకం ఒకటుంది. 2019లో ఫ్రాన్స్‌లోని లిబెరాసియోన్ పత్రిక సైట్‌లో `f7ds.liberation.fr` అనే పేరు బయటపడింది. చూడ్డానికి పత్రిక సొంతం, నిజానికి యులేరియన్ అనే ట్రాకింగ్ కంపెనీ సర్వర్‌కు మారుపేరు. ఇలాంటి మారుపేర్ల వెనక అసలు పేరు ఏమిటో 2020లో వచ్చిన ఐదో వెర్షన్ నుంచి పై-హోల్ చూడగలుగుతోంది. కానీ పత్రిక మారుపేరు పెట్టకుండా తన ఉపడొమైన్‌కు ట్రాకర్ ఐపీ చిరునామానే నేరుగా రాసిందనుకోండి. అప్పుడు చూడడానికి రెండో పేరే ఉండదు. ఆ ట్రాకర్‌కు సొంత చిరునామాల వరస ఉంటే, ఎన్ని సైట్ల పేర్ల వెనక దాగినా అంకెలు అవే కాబట్టి ఫైర్‌వాల్ ఒక్క నియమంతో అన్నిటినీ ఆపుతుంది. అది అద్దె క్లౌడ్‌లో ఉంటే ఆ ఒక్క నియమమూ పనికిరాదు.

యూట్యూబ్ ప్రకటనలు ఈ రెండింటికీ చిక్కవు. ప్రకటన వీడియో కూడా మనం చూడదలచిన వీడియో వచ్చే `googlevideo.com` సర్వర్ల నుంచే వస్తుంది. ఆ పేరును ఆపితే ప్రకటనతోపాటు పాటా ఆగిపోతుంది, చిరునామాను ఆపినా అంతే. ఆ రెండింటినీ విడదీయాలంటే బ్రౌజర్‌లాగా పేజీ లోపలికి వెళ్లి చూడగలగాలి. దారిలో నిలబడ్డ పై-హోల్‌కూ ఫైర్‌వాల్‌కూ ఆ లోపలి సంగతి కనబడదు.