నాయనమ్మకు 40 సెకన్ల పండగ కబురు

క్రితం సంక్రాంతికి మా అబ్బాయి ఊరికి రాలేకపోయాడు. వాడు బెంగళూరులో చదువుతున్నాడు, సెమిస్టర్ పరీక్షలు పండగ రోజుల్లోనే పడ్డాయి. మా అమ్మ కోనసీమలో ఉంటుంది. ఫోన్ చేస్తే సగం వినపడదు, "ఆఁ, ఆఁ" అని పెట్టేస్తుంది. వాట్సాప్‌లో వాయిస్ పంపితే మాత్రం రెండు మూడుసార్లు వింటుంది. పక్కింటావిడకి కూడా వినిపిస్తుంది. అందుకని వాడు ఓ కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకుని, ముందు నాకు చదివి వినిపించాడు.

"హాయ్ నాయనమ్మా, మీకూ మీ కుటుంబ సభ్యులందరికీ భోగి, మకర సంక్రాంతి, కనుమ పర్వదిన హార్దిక శుభాకాంక్షలు. పరీక్షలు ఉండటం వల్ల, టికెట్లు కూడా దొరక్కపోవడంతో, ఈసారి రాలేకపోతున్నందుకు చాలా ఫీలవుతున్నాను. మందులు వేసుకుంటున్నారా, మోకాళ్ల నొప్పి ఎలా ఉంది, పెదనాన్న వాళ్లు వచ్చారా, ఆరోగ్యం జాగ్రత్త..."

"మీ కుటుంబ సభ్యులు" అంటే ఎవర్రా, అందులో నువ్వు లేవా, అనడిగాను. వాడికి నవ్వొచ్చింది. అది ఫార్వర్డ్ మెసేజ్‌లోంచి వచ్చిపడ్డ మాట. ఇంట్లో నాయనమ్మని "నువ్వు" అనే పిల్లాడు కాగితం పట్టుకోగానే "మీరు"లోకి వెళ్లిపోయాడు. మా అమ్మ అది విని ఎవరో పరాయివాళ్లు అనుకున్నా అనుకుంటుంది.

"శుభాకాంక్షలు" అన్న మాటతో ఇంకో చిక్కుంది. వయసుతో వచ్చే చెవుడులో మొదట పోయేది సన్నటి, హెచ్చు స్థాయి శబ్దాలు. స, శ, ష, త, క లాంటి హల్లులు వినపడటం మానేస్తాయి. అచ్చులు, మ, న, ణ లాంటి ముక్కు పలుకులు చాలాకాలం బాగానే వినిపిస్తాయి. అందుకే పెద్దవాళ్లు "మాట వినపడుతోంది కానీ ఏమంటున్నావో తెలీట్లేదు" అంటారు. "హార్దిక శుభాకాంక్షలు" ఆ చెవిలోకి వెళ్లేసరికి అరిగిపోయిన నాణెంలా ఉంటుంది. "దణ్ణం" అన్న మాట ఎక్కడా అరగదు. పైగా మన ఇళ్లలో చిన్నవాళ్లు పెద్దవాళ్లకి శుభాకాంక్షలు చెప్పడం ఈమధ్య వచ్చిందే. చిన్నవాళ్లు దణ్ణం పెడతారు, పెద్దవాళ్లు దీవిస్తారు. పండగ కబురుకి ఆ రెండూ మొదలూ చివరా అయితే చాలు.

ఇక వాక్యం పొడవు. తెలుగులో క్రియ చివర వస్తుంది. "పరీక్షలు ఉండటం వల్ల, టికెట్లు దొరక్కపోవడంతో" అని సాగదీస్తుంటే, వస్తున్నాడో రావడం లేదో ఆఖరి మాట దాకా తేలదు. కాగితం మీదైతే కన్ను వెనక్కి వెళ్లగలదు. చెవికి ఆ వీలు లేదు. కాబట్టి అసలు విషయం ముందు, కారణం తర్వాత, ఒక్కొక్కటీ విడి వాక్యంగా ఉండాలి. ఒక వాక్యాన్ని ఒక్క ఊపిరిలో పలకలేకపోతున్నామంటే దాన్ని రెండు చేయాల్సిందే.

ప్రశ్నల దగ్గర వాడితో కాసేపు వాదించాను. ఒకేసారి నాలుగు అడిగితే ఆవిడ ఆఖరిదానికే జవాబు చెబుతుంది, లేదా ఏదీ చెప్పదు. మందుల సంగతి, మోకాళ్ల సంగతి అందరూ అడిగేవే. "ఆఁ, బానే ఉన్నాను" తప్ప వాటికి జవాబు రాదు. ఆవిడకి మాత్రమే తెలిసిన సంగతి ఒక్కటి అడగాలి. మా అమ్మకైతే అది అరిసెల పాకం. నీళ్లలో వేసిన పాకం చుక్క వేళ్ల మధ్య మెత్తటి ఉండ కావాలి. కాస్త లేతైతే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే గట్టిపడుతుంది. ఆ బెల్లం ఎలా ఉందో ఎన్ని నిమిషాలైనా చెబుతుంది.

అలా కొట్టేయగా, తిరగరాయగా మిగిలింది ఇదీ:

"నాయనమ్మా... నేను బుజ్జిని.
దణ్ణం పెడుతున్నా.
ఈ పండక్కి రాలేదు. పరీక్షలున్నాయి.
ఎండాకాలం వస్తాను. పది రోజులుంటాను.
పొద్దున్న నువ్వు గుర్తొచ్చావు. చిన్నప్పుడు నా నెత్తిన భోగిపళ్లు పోసేదానివి కదా. నేను ఆ రేగిపళ్లు ఏరుకుని తినేసేవాణ్ని.
సరే, ఒక్క మాట చెప్పు. ఈసారి అరిసెల పాకం ఎలా కుదిరింది?
మైకు నొక్కి నాకు చెప్పు.
ఉంటాను నాయనమ్మా. దీవించు."

పేరు ముందే చెప్పడానికి కారణముంది. ఫోన్‌లో గొంతులన్నీ ఒకలాగే వినిపిస్తాయి. ఎవరు మాట్లాడుతున్నారో పోల్చుకునే లోపు మొదటి వాక్యం గడిచిపోతుంది. పిలిచాక కాస్త ఆగాలి, ఆ మూడు చుక్కలు అందుకే. ఇదంతా 40 మాటలు దాటి కాస్త ఉంటుంది. వాడి మామూలు వేగంలో 20 సెకన్లలో అయిపోయింది. ప్రతి వాక్యం దగ్గరా ఆగి చదవమంటే 40 సెకన్లు పట్టింది. ఆ వేగమే సరైనది.

గట్టిగా అరిచి చెబితే వినపడుతుందనుకోవడం పొరపాటు. అరిస్తే అచ్చులే పెద్దవవుతాయి, పోయిన హల్లులు తిరిగిరావు. ఫ్యాను ఆపి, టీవీ లేని గదిలో, ఫోన్ నోటికి జానెడు దూరంలో పెట్టుకుని మామూలు గొంతుతో చెప్పాలి. మరీ దగ్గర పెట్టుకుంటే ప, భ లాంటి అక్షరాల దగ్గర గాలి ఊదినట్టు వస్తుంది.

పంపే చోటు కూడా చూసుకోవాలి. కుటుంబం గ్రూపులో వేస్తే పండగనాటి బొమ్మల కింద పడిపోతుంది. నేరుగా ఆవిడకే పంపాలి. అదీ భోగి తెల్లవారుజామున వద్దు, అప్పుడు మంటల దగ్గరా పొయ్యి దగ్గరా ఉంటుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మంచిది. వినలేదంటే ఊళ్లో ఉన్నవాళ్లని రెండు సంగతులు చూడమనండి. పెద్దవాళ్లు అలవాటుకొద్దీ ఫోన్ చెవికి ఆనించుకుంటారు. అప్పుడు శబ్దం పెద్ద స్పీకర్లోంచి కాక, కాల్స్ మాట్లాడే చిన్న స్పీకర్లోంచి వస్తుంది. రెండోది, వాయిస్ పక్కనుండే 1x మీద వేలు తగిలి 1.5x, 2x అయిపోతుంది. మనవడు కోడిపుంజులా కూస్తున్నాడని ఆవిడ మనకి చెప్పదు, ఊరుకుంటుంది.

ఒక్క సందర్భంలో ఈ కబురు పనికిరాదు. ఆ ఏడాది ఇంట్లో ఎవరైనా పోతే చాలా ఇళ్లలో పండగ చేయరు. తాతయ్య పోయిన ఏడు నాయనమ్మకి పండగ మాట, అరిసెల మాట ఎత్తకూడదు. పేరు చెప్పి, అన్నం తిన్నావా అని అడిగి, ఎప్పుడు వస్తున్నావో చెబితే సరిపోతుంది.

మా అమ్మ జవాబు కనుమనాడు వచ్చింది. 2 నిమిషాల పైనే ఉంది. మొదటి పది సెకన్లు "ఇది మాట్లాడుతోందా?" అని ఎవరినో అడగడంతోనే సరిపోయింది. బెల్లం మంచిది కాదట, పాకం ముదిరిపోయిందట.