ఒక్క పంది చనిపోయిన వారం

నలభై సీమపందులున్న ఒక ఫారం అనుకుందాం. వాటి మేతలో సగం, టౌన్లోని హోటళ్ల నుంచి డ్రమ్ముల్లో వచ్చే ఎంగిలి. ఒకరోజు పొద్దున్నే ఒక తల్లి పంది తొట్టి దగ్గరికి రాలేదు. థర్మామీటరు పెడితే జ్వరం 41 డిగ్రీల సెల్సియస్ దాటింది. పందికి మామూలుగా 39 డిగ్రీలు అటూ ఇటూ ఉంటుంది. జ్వరానికి ఒక సూది, యాంటీబయాటిక్ ఒక సూది వేశారు. పక్కరోజుకి చెవులు, పొట్ట కింద చర్మం ఎర్రబడి, ఆ తర్వాత నీలం తిరిగాయి. లేచి నిలబడితే వెనక కాళ్లు తూలాయి. ముక్కు నుంచి రక్తం చారలు. వారం తిరక్కుండా చనిపోయింది. మిగతా ముప్పై తొమ్మిదీ ఎప్పటిలాగే తింటున్నాయి.

రైతు ఊపిరి పీల్చుకునేది ఇక్కడే. అంటురోగమైతే ఈపాటికి దొడ్డంతా పడిపోయేది కదా అనుకుంటాడు. గాలికుంటులాంటి జబ్బు అయితే ఆ లెక్క సరిపోయేది. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ దారి వేరు. గాలిలో దూరం పోదు. జబ్బు పంది రక్తం, లాలాజలం, పేడ తగలాలి, లేదా దాని మాంసం మరో పంది కడుపులో పడాలి. వైరస్ ఒంట్లోకి వెళ్లాక లక్షణాలు బయటపడడానికి 4 నుంచి 19 రోజులు పట్టవచ్చు. అందుకే మొదటి చావుకీ రెండో చావుకీ మధ్య కొన్ని రోజులు నిశ్శబ్దంగా గడుస్తాయి. తర్వాత ఒకటి, ఆపైన రెండు, ఆ వెనక గదికి గది. ఉధృతమైన రకం సోకిన పందుల్లో దాదాపు ఏదీ మిగలదు.

ఆ నిశ్శబ్దపు రోజుల్లో జరిగే పనులే జబ్బును ఊరు దాటిస్తాయి. మొదటిది సూది. జ్వరం పందికి పొడిచిన సూదితోనే పక్క గదిలోని వాటికి ముందుజాగ్రత్తగా మందు వేస్తే, వైరస్‌ను మనమే చేత్తో పంచినట్టు. రెండోది అమ్మకం. రెండో పంది పడగానే, ఉన్నవి ఉన్నట్టుగా సగం ధరకైనా వదిలించుకుందామని బేరగాడికి ఫోన్ చేస్తారు. వాటిలో కొన్నిటికి అప్పటికే వైరస్ సోకి ఉంటుంది. అవి వేరే ఊరికి వెళ్తాయి, లేదా కోతకు వెళ్తాయి. కోసినచోట మిగిలిన తుక్కు, వంటింట్లో మిగిలిన ముక్కలు మళ్లీ ఏదో ఒక ఎంగిలి డ్రమ్ములో చేరతాయి.

ఈ వైరస్ బలమంతా ఒంటి బయట బతకడంలో ఉంది. గడ్డకట్టించిన మాంసంలో ఏళ్ల తరబడి, ఉప్పు పట్టించి ఎండబెట్టిన మాంసంలో నెలల తరబడి చావకుండా ఉండగలదు. కెన్యాలో అడవిపందుల నుంచి పెంపుడు పందులకు సోకే జబ్బుగా 1921లో దీన్ని మొదటిసారి వర్ణించారు. ఖండం దాటి 1957లో లిస్బన్ చేరింది. విమానాల్లో మిగిలిన తిండిని అక్కడి పందులకు పెట్టడమే కారణమంటారు. 2007లో జార్జియాలో దిగింది ఓడల చెత్తతో అన్నది ఎక్కువమంది ఒప్పుకునే మాట. 2018లో చైనా, 2020లో మన అస్సాం, అరుణాచల్ ప్రదేశ్. మరుసటి ఏడాది మిజోరంలో ముప్పై వేలకు పైగా పందులు పోయాయి. 2022 జులైలో కేరళలోని వయనాడ్ జిల్లాలో, మానంతవాడి ప్రాంతంలో బయటపడింది. అంత దూరం నడిచి వచ్చిన పంది ఏదీ లేదు. మోసుకొచ్చింది మనుషులే.

మనుషులకు మాత్రం ఇది సోకదు. బాగా ఉడికించిన పంది మాంసం తింటే ప్రమాదం లేదు. ఊళ్లో జబ్బు అనగానే మాంసం కొట్టు వైపు భయంగా చూడడం అనవసరం. భయపడాల్సింది ఆ కొట్టు తుక్కు ఎటు పోతోందని.

చూడగానే గుర్తుపట్టడం పశువుల డాక్టరుకి కూడా కష్టం. మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్న క్లాసికల్ స్వైన్ ఫీవర్ కూడా ఇవే లక్షణాలు చూపిస్తుంది: పెద్ద జ్వరం, మేత మానడం, ఒకదాని మీద ఒకటి పడి ముడుచుకుని పడుకోవడం, చర్మం మీద ఎర్రటి మచ్చలు, చూలు పందులు ఈసుకుపోవడం. దానికి టీకా ఉంది. ఆ టీకా సరిగ్గా వేయించిన మందలోనూ పందులు ఇలా చనిపోతుంటే అనుమానం ఆఫ్రికన్ వైపు తిరగాలి. తేల్చేది ల్యాబ్ పరీక్షే. రక్తం నమూనాలు భోపాల్‌లోని జాతీయ పశువ్యాధుల సంస్థకు వెళ్తాయి, అక్కడ పీసీఆర్ పరీక్షలో వైరస్ దొరుకుతుంది. ఈలోగా చనిపోయిన పందిని దొడ్లోనే కోసి చూడకూడదు. ఆ రక్తంలో ఉన్నంత వైరస్ మరెక్కడా ఉండదు.

మందు లేదు. యాంటీబయాటిక్ వైరస్‌ని ఏమీ చేయదు. టీకా కథ ఇంకా తెగలేదు. సాధారణంగా టీకా పని ఒంట్లో యాంటీబాడీలు పుట్టించి వైరస్‌ను అడ్డుకోవడం. ఈ వైరస్ పెద్దది, నూట యాభైకి పైగా ప్రోటీన్లు తయారుచేస్తుంది, పైగా రోగాన్ని మింగేయాల్సిన తెల్లకణాల్లోనే కాపురం పెడుతుంది. యాంటీబాడీలు ఒక్కటే దాన్ని ఆపలేవు. చంపిన వైరస్‌తో చేసిన టీకాలు పనిచేయలేదు. బలహీనపరిచిన సజీవ వైరస్‌తో వియత్నాం 2022లో ఒక టీకాకు అనుమతిచ్చింది. కొద్ది నెలలకే, టీకా వేసిన పందులు చనిపోయాయని వాడకం కొన్నాళ్లు ఆపింది. ఆ తరహా టీకాలను అక్కడ మళ్లీ వాడుతున్నారు గానీ, బలహీనపడిన వైరస్ మందలో తిరుగుతూ మళ్లీ బలం పుంజుకుంటుందన్న భయం పోలేదు. మన రైతు చేతికి అందేవేవీ లేవు.

మిగిలింది వైరస్‌ను గేటు బయటే ఆపడం. ఎంగిలి మానేయడం అన్నిటికన్నా పెద్ద పని, ఖర్చుతో కూడిన పని కూడా. దాణా ధర చూసినవాళ్లు ఎంగిలిని వదలలేరని తెలుసు. వదలలేకపోతే 90 డిగ్రీల వేడిలో, కలుపుతూ, గంటసేపు ఉడికించాలి. పైపైన ఒక పొంగు రానిస్తే మధ్యలోని మాంసం ముక్క పచ్చిగానే ఉంటుంది. ఉడికించిన దాన్ని మళ్లీ పచ్చి ఎంగిలి తెచ్చిన డ్రమ్ములో పోస్తే చేసిన శ్రమంతా వృథా.

గేటు దగ్గర మందునీళ్ల తొట్టి చాలా ఫారాల్లో కనిపిస్తుంది, అలంకారంగా. పేడ అంటిన బూటును అందులో ముంచి తీస్తే మందు వైరస్ దాకా చేరదు. ముందు బ్రష్‌తో, సబ్బునీళ్లతో పేడ పోయేదాకా కడగాలి, ఆ తర్వాతే మందు. లీటరు నీటికి 20 గ్రాముల కాస్టిక్ సోడా కలిపి నేల మీద పోసి అరగంట ఉండనివ్వాలి. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి, ఒంటి మీద పడితే కాలుతుంది. దీనికన్నా తేలికైన ఉపాయం, లోపలికి వేరే బూట్లు పెట్టుకోవడం. బయటివి గేటు దగ్గరే విడిచేస్తే కడిగే బాధ సగం తగ్గుతుంది. బేరగాడి బండి లోపలికి రానివ్వకుండా పందుల్నే గేటు దాకా తోలి ఎక్కించాలి. కొత్తగా కొన్న వాటిని నెల రోజులు విడిగా ఉంచి, వాటి పని చివర్లో చేయాలి. పందికొకటి చొప్పున కొత్త సూది.

ఇంత చేసినా అనుమానం వస్తే అమ్మకం ఆపి, పశుసంవర్ధక శాఖకు చెప్పడమే దారి. జబ్బు ఖాయమైతే చుట్టూ కిలోమీటరు లోపు పందులన్నిటినీ చంపి పూడుస్తారు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. చెబితే ఉన్నవి కూడా పోతాయన్న భయంతోనే చాలామంది దాస్తారు. అయితే పరిహారం ఇచ్చేది శాఖ చంపించిన పందులకు, అంతకుముందే జబ్బుతో పోయినవాటికి కాదు. ఆలస్యం చేసిన ప్రతి రోజూ లెక్కలోకి వచ్చే పందులు తగ్గుతూ ఉంటాయి.

తర్వాత దొడ్డి కడిగి, మందు కొట్టి, కనీసం నలభై రోజులు ఖాళీగా వదలాలి; శాఖ ఇంకా ఎక్కువ గడువు పెట్టవచ్చు. ఆపైన కూడా ఒకేసారి నలభై తేకూడదు. ముందు నాలుగు తెచ్చి, అన్ని గదుల్లో తిరగనిచ్చి, ఆరు వారాలు రోజూ గమనించాలి. వాటి రక్తపరీక్షల్లో ఏమీ లేదని తేలాకే మిగతావి కొనాలి.