వివరణ నమ్మేలా ఉన్నప్పుడు

లెక్కలు చూపించేవారిని ఆడిటర్ దొంగలుగా అనుమానించనక్కర్లేదు. నిజాయితీపరులని ముందే తీర్మానించుకోనూ కూడదు. తగిన ఆధారం చేతికొచ్చేదాకా ఏ నిర్ణయానికీ రాకుండా ప్రశ్నించే ఈ పద్ధతినే వృత్తిపరమైన సంశయ దృష్టి అంటారు. మన దేశపు ఆడిటింగ్ ప్రమాణం ఎస్‌ఏ 200 దీన్ని తప్పనిసరి చేసింది.

అది లోపిస్తే ఏమవుతుందో హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్ చూపించింది. పుస్తకాల్లోని నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని ఛైర్మన్ రామలింగరాజు 2009 జనవరి 7న లేఖ రాశారు. బ్యాంకుల ధ్రువీకరణ లేఖల వ్యవహారాన్ని ఆడిటర్లు యాజమాన్యం చేతికే వదిలేశారని, కొన్ని శాఖల నుంచి నేరుగా వచ్చిన అంకెలకూ యాజమాన్యం ఇచ్చిన అంకెలకూ పెద్ద తేడాలున్నా పట్టించుకోలేదని అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ 2011లో పేర్కొంది. ఆడిట్ సంస్థలు ఆ ఆరోపణలను ఒప్పుకోకుండా, కాదనకుండా రాజీ చేసుకున్నాయి.

ఇలాంటి కాగితాలు ముందుగా చేరేది జూనియర్ బల్ల మీదికే. ఒక కంపెనీ పుస్తకాల్లో 12 కోట్ల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉందనుకుందాం. ‘బ్యాంకు లేఖ మేమే తెప్పిస్తాం, మీకెందుకండీ శ్రమ’ అని అకౌంట్స్ మేనేజర్ మర్యాదగా అంటారు. మొదట ఆగాల్సింది అక్కడే. లేఖను ఆడిట్ ఆఫీసు నుంచే పంపాలి, శాఖ చిరునామా విడిగా సరిచూసుకోవాలి, జవాబు నేరుగా ఆఫీసుకే రావాలి.

జవాబులో 4 కోట్లే ఉంది. ‘మిగతా 8 కోట్లు ఏడాది మొదట్లోనే వేరే శాఖకు మార్చాం’ అన్నది మేనేజర్ వివరణ. నమ్మదగిన మాటే. అయితే అది నిజమైతే ఆనవాళ్లుంటాయి. మొదటి శాఖ స్టేట్‌మెంట్‌లో డబ్బు బయటికి వెళ్లిన తేదీ, రెండో శాఖలో డిపాజిట్ తెరిచిన తేదీ పొసగాలి. రెండో శాఖకూ విడిగా లేఖ రాయాలి. 7 శాతం చొప్పున ఏడాదికి 56 లక్షల వడ్డీ రావాలి, దాని మీద బ్యాంకు పది శాతం, అంటే 5.6 లక్షల పన్ను కోసి ఉండాలి. ఆదాయపు పన్ను పోర్టల్‌లోని ఫారం 26ఏఎస్‌లో ఆ మొత్తం కనిపించకపోతే, రసీదు ఎంత చక్కగా ఉన్నా వివరణ నిలవదు. ఆ ఫారం ప్రింటవుట్ తీసుకుంటే చాలదు, పోర్టల్‌లో తెరిపించి తన కళ్లతో చూడాలి.

ప్రతి తేడా మోసం కాదు. మార్చి 30న ఇచ్చిన చెక్కు ఏప్రిల్ 4న బ్యాంకులో చెల్లితే ఏప్రిల్ స్టేట్‌మెంటే జవాబు చెబుతుంది, ఇక తవ్వనక్కర్లేదు. జవాబు దొరకని చోట మాత్రం జూనియర్ తీర్పు చెప్పడానికి పూనుకోకూడదు. అడిగిన ప్రశ్న, వచ్చిన వివరణ, చూసిన పత్రం, ఇంకా తేలని మొత్తం వర్కింగ్ పేపర్లలో రాసి, సంతకాలకు ముందే సీనియర్‌కు చూపించాలి.