మునిగిన కంపెనీ షేరుకు ధరెందుకు?

ఆస్తులన్నీ అమ్మినా అప్పు తీరని కంపెనీ షేరు కూడా మార్కెట్లో ఎంతో కొంతకు అమ్ముడవుతూనే ఉంటుంది. లెక్క ప్రకారం వాటాదారుకు మిగిలేది సున్నా కదా, మరి ఆ ధర ఎక్కడిది? కొనేవాళ్ల అమాయకత్వం కొంత ఉండొచ్చు. కానీ అది మాత్రమే కాదు. 1973లో ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్, ఆ మరుసటి ఏడు రాబర్ట్ మెర్టన్ దీనికి జవాబు చెప్పారు. అప్పున్న కంపెనీలో షేరు అంటే ఆ కంపెనీ ఆస్తుల మీద ఒక కాల్ ఆప్షన్ అన్నారు.

స్థలం కొనడానికి అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాయించుకునేవాళ్లు మనకు తెలిసినవాళ్లే. గడువులోగా రేటు పెరిగితే మిగతా సొమ్ము కట్టి రిజిస్ట్రేషన్ చేయించుకుంటారు. పడిపోతే అడ్వాన్సు వదిలేసుకుంటారు, అంతకు మించి పోయేది లేదు. వాటాదారు పరిస్థితీ అంతే. అప్పు గడువు వచ్చిన రోజు ఆస్తి విలువ అప్పు కంటే ఎక్కువుంటే బాకీ కట్టి కంపెనీని దక్కించుకుంటాడు. తక్కువుంటే తాళాలు అప్పిచ్చినవాళ్లకు అప్పగించి తప్పుకుంటాడు. పరిమిత బాధ్యత ఉన్న కంపెనీ కాబట్టి అతని ఇంటి మీదకు ఎవరూ రారు.

ఇప్పుడు ఆ ఆప్షన్‌కు ధర కట్టి చూద్దాం. ఒక కంపెనీ ఆస్తుల విలువ నేడు 90 కోట్లు. ఏడాది తర్వాత తీర్చాల్సిన అప్పు 100 కోట్లు. ఏడాది గడిచేసరికి ఆస్తి విలువ 146 కోట్లకు పెరగొచ్చు, లేదా 54 కోట్లకు దిగొచ్చు, ఈ రెండే దారులు అనుకుందాం. పెరిగితే వాటాదార్లకు మిగిలేది 46 కోట్లు, దిగితే ఏమీ లేదు. భయం లేని పెట్టుబడికి వడ్డీ 8 శాతం.

సరిగ్గా ఇదే ఫలితాన్ని మరో దారిలో తెచ్చుకోవచ్చు. ఆ ఆస్తుల్లో సగం 45 కోట్లకు కొనాలి, అందులో 25 కోట్లు 8 శాతానికి అప్పు చేయాలి. ఏడాదికి తీర్చాల్సింది 27 కోట్లు. ఆస్తి 146 అయితే మన సగం 73, బాకీ పోగా 46. ఆస్తి 54 అయితే మన సగం 27, బాకీకి సరిపోయి సున్నా. వాటాదార్లకు వచ్చేదీ అచ్చంగా అంతే కాబట్టి రెండింటి ధరా ఒకటే కావాలి. మన జేబులోంచి పెట్టింది 20 కోట్లు, మొత్తం షేర్ల విలువ అదే. మిగతా 70 కోట్లు అప్పు విలువ. ఆస్తి పెరగడానికి ఎంత అవకాశం ఉందని ఎక్కడా అడగలేదు, గమనించండి.

ఖాయంగా తిరిగొచ్చే 100 కోట్ల బాకీ అయితే నేడు దాదాపు 92.6 కోట్లు పలకాలి. ఈ బాకీ విలువ 70 కోట్లే. తేడా 22.6 కోట్లు. నష్టం వస్తే మేం భరిస్తామని అప్పిచ్చినవాళ్లు వాటాదార్లకు రాసిచ్చిన పూచీ ఖరీదది.

అసలు మెలిక ఇక్కడుంది. యాజమాన్యం నిదానమైన వ్యాపారం మానేసి, అయితే 173 కోట్లు, కాకపోతే 27 కోట్లు అయ్యే జూదంలోకి దిగిందనుకోండి. ఆస్తుల విలువ నేటికి ఆ 90 కోట్లే. అదే పద్ధతిలో లెక్కేస్తే సగం ఆస్తికి 45, చేయగలిగిన అప్పు 12.5, షేర్ల విలువ 32.5 కోట్లు. అప్పు విలువ 57.5కు పడింది. కంపెనీ ఒక్క రూపాయి సంపాదించకుండానే 12.5 కోట్లు బ్యాంకుల జేబులోంచి వాటాదార్ల జేబులోకి మారాయి. కొత్త అప్పు చేయొద్దు, మా అనుమతి లేకుండా ఆస్తులు అమ్మొద్దు అని బ్యాంకులు అగ్రిమెంట్లలో పేజీలకు పేజీలు షరతులు రాయించుకునేది అందుకే.

నిజంలో విలువలు రెండే ఉండవు, అప్పుకు గడువూ ఒకటే ఉండదు. ఆస్తుల విలువ బయటికి కనిపించదు కూడా. అందుకే నిపుణులు షేరు ధరనీ, దాని ఒడిదొడుకుల్నీ చూసి, అక్కడినుంచి వెనక్కి లెక్కేసి ఆస్తి విలువను అంచనా వేస్తారు. అది అప్పుకు ఎంత దగ్గరగా ఉందో చూసి ఎగవేత ప్రమాదాన్ని కొలుస్తారు.

ఆప్షన్‌కు ప్రాణం గడువు. దివాలా చట్టం ఆ గడువునే తెంచుతుంది. డీహెచ్‌ఎఫ్‌ఎల్ పాలకమండలిని 2019 నవంబరులో రిజర్వు బ్యాంకు తప్పించింది. 2021 జూన్‌లో పిరమల్ సంస్థ ప్రణాళికను ముంబయి ట్రిబ్యునల్ ఆమోదించింది. పాత వాటాదార్లకు అందులో దక్కేది సున్నా, షేర్లు డీలిస్టు. అయినా ట్రేడింగు ఆగేదాకా ఆ షేరు చేతులు మారుతూనే ఉంది. పరిష్కార ప్రణాళిక ఆమోదం పొందాక ఇక ఏ 146 కోట్లూ లేవు. అలాంటి షేరు చవగ్గా కనిపించినప్పుడు ధర కంటే ముందు, పాత వాటాదార్లకు ఏమిస్తారని ప్రణాళికలో రాశారో చూడండి.